సగటు గీత ఎప్పుడూ ఎందుకు ఆలస్యం?

2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. ఆ ఒక్కరోజే దాదాపు 13 శాతం పోయింది. మర్నాడు కాస్త తేరుకుని 7,801కి, ఆ తర్వాతి రోజు 8,318కి వచ్చింది. రెండు రోజుల్లో ఏడు వందల పాయింట్లు పెరిగినట్టు. కానీ ఆ రెండు రోజులూ 5 రోజుల మూవింగ్ యావరేజ్, అంటే గత ఐదు రోజుల ముగింపు ధరల సగటు, మాత్రం కిందికే దిగింది. ధర పైకి, సగటు కిందికి.

చార్టు చూడటం కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదేదో తప్పులా కనిపిస్తుంది. తప్పేమీ లేదు. లెక్క చేసి చూస్తే విషయం తేలిపోతుంది. మార్చి 17 నుంచి వరుసగా ఐదు సెషన్ల, అంటే మార్కెట్ నడిచిన ఐదు రోజుల, ముగింపు ధరలు, పైసలు వదిలేసి చెప్పుకుంటే, ఇవి: 8,967, 8,469, 8,263, 8,745, 7,610. వీటి సగటు 8,411. మార్చి 24న కొత్తగా 7,801 వచ్చి చేరింది. ఐదు రోజుల లెక్క కాబట్టి పాత 8,967 బయటికి వెళ్లిపోయింది. సగటు 8,178కి పడింది. ఆ రోజు మార్కెట్ 190 పాయింట్లు పెరిగిందన్న సంగతి ఈ లెక్కలోకి రానే రాలేదు. లెక్కకి తెలిసిందల్లా ఒక్కటే: 8,967 పోయింది, దాని స్థానంలో 7,801 వచ్చింది.

25న 8,469 పోయి 8,318 వచ్చింది. సగటు ఇంకో 30 పాయింట్లు తగ్గి 8,147 అయింది. 26న 8,263 పోయి 8,641 వచ్చింది. అప్పుడు గానీ సగటు 8,223కి లేవలేదు. ధర అడుగు తాకింది 23న, సగటు అడుగు తాకింది 25న. రెండు సెషన్ల తేడా.

దీన్నే ఒక్క వరుసలో రాసుకోవచ్చు:

```
కొత్త సగటు = పాత సగటు + (ఈరోజు ధర − బయటికి వెళ్లే ధర) / రోజుల సంఖ్య
```

మూవింగ్ యావరేజ్ గురించి తెలుసుకోవలసిన దాంట్లో సగానికి పైగా ఈ వరుసలోనే ఉంది. సగటు పెరగాలంటే ఈరోజు ధర నిన్నటి కంటే ఎక్కువైతే చాలదు, లెక్కలోంచి వెళ్లిపోతున్న ఆ పాత ధర కంటే ఎక్కువ కావాలి. 200 రోజుల సగటు ఈరోజు పెరిగిందంటే దానర్థం, ఇవాళ్టి ధర 200 సెషన్ల కిందటి, అంటే రమారమి తొమ్మిదిన్నర నెలల కిందటి, ధర కంటే ఎక్కువగా ఉందని మాత్రమే. నిన్న ఏం జరిగిందో, పోయిన వారం ఏం జరిగిందో ఆ గీత తిరిగే దిక్కు చెప్పదు.

ఇందులో ఒక చిన్న మోసం కూడా ఉంది. ఒక్కోసారి మార్కెట్‌లో ఏ కదలికా లేకపోయినా సగటు గీత ఉన్నట్టుండి వంగుతుంది. ఎప్పుడో జరిగిన పెద్ద పతనం ఆ రోజు లెక్కలోంచి జారిపోయి ఉంటుంది, అంతే. ‘సగటు పైకి తిరిగింది’ అని హడావుడిగా చెప్పేవాళ్లు, అది కొత్త ధర వల్ల తిరిగిందా, పాత ధర పోవడం వల్ల తిరిగిందా అని చూడటం తక్కువ.

ఆలస్యం ఎంత?

ఐదు రోజుల సగటు రెండు రోజులు వెనకబడటం కాకతాళీయం కాదు. ఒక షేరు రోజుకి సరిగ్గా 10 రూపాయల చొప్పున పెరుగుతోందనుకుందాం. ఇవాళ ధర 1,000, నిన్న 990, మొన్న 980. గత 20 రోజుల ధరలన్నీ కలిపి భాగిస్తే వచ్చేది ఆ ఇరవై రోజుల నడిమి ధర. ఇవాళ్టిది మొదటిది, 19 రోజుల కిందటిది చివరిది. వాటి మధ్య బిందువు తొమ్మిదిన్నర రోజుల వెనక ఉంటుంది. కాబట్టి సగటు 905 చూపిస్తుంది, అసలు ధర కంటే 95 రూపాయలు తక్కువ. మర్నాడు ధర 1,010 అయితే సగటు 915. ఎన్ని రోజులు నడిచినా ఆ 95 తేడా తరగదు.

అంటే రోజుల సంఖ్యలోంచి ఒకటి తీసేసి సగం చేస్తే వెనకబాటు వస్తుంది. 5 రోజుల సగటుకి 2 రోజులు. 20 రోజులకి తొమ్మిదిన్నర. 50 రోజులకి ఇరవై నాలుగున్నర. 200 రోజులకి దాదాపు వంద సెషన్లు. కచ్చితంగా తిన్నటి గీతలా ధర ఎప్పుడూ కదలదు కాబట్టి ప్రతి మలుపు దగ్గరా ఇదే సంఖ్య పడుతుందని కాదు. పైన నిఫ్టీ విషయంలో సరిగ్గా రెండే రావడంలో కొంత అదృష్టం ఉంది. ఏ సగటు ఏ మేరకి వెనకపడుతుందో అంచనా వేయడానికి మాత్రం ఈ లెక్క బాగా పనికొస్తుంది.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది తెలియని సంగతి కాదు. టీ20 మ్యాచ్‌లో 16వ ఓవర్ నుంచి బాదుడు మొదలైతే, గత 10 ఓవర్ల రన్‌రేట్ వెంటనే ఎగరదు. మధ్య ఓవర్లలో తీసిన సింగిల్స్ ఇంకా లెక్కలోనే ఉంటాయి. అవన్నీ పోయేసరికి ఇన్నింగ్స్ అయిపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది, వెనకబాటు రోజుల్లో ఉంటుంది, రూపాయల్లో కాదు. రూపాయల్లో ఎంత నష్టమన్నది మార్కెట్ ఎంత వేగంగా కదిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. రోజుకి 2 రూపాయలు పెరిగే షేరులో అదే 20 రోజుల సగటు 19 రూపాయలే వెనక ఉంటుంది. రోజుకి 50 చొప్పున పడే షేరులో ధర కంటే 475 రూపాయలు ఎత్తున వేలాడుతుంది. నిఫ్టీ 7,610 దగ్గర ముగిసిన ఆ మార్చి 23న 50 రోజుల సగటు ఇంకా 11,000కి పైనే ఉంది. జనవరి, ఫిబ్రవరి నెలల 12,000 స్థాయి ధరలు దాని లెక్కలోంచి ఇంకా పోలేదు.

ఒకే సూత్రం, రెండు పతనాలు

50 రోజుల సగటు 200 రోజుల సగటుని కిందికి దాటితే డెత్ క్రాస్ అంటారు, పైకి దాటితే గోల్డెన్ క్రాస్. పేర్లు భయంకరంగానూ ఆకర్షణీయంగానూ ఉంటాయి, అందుకే టీవీలో బాగా నడుస్తాయి. అమెరికా సూచీ ఎస్ అండ్ పీ 500 మీద ఈ సూత్రం రెండు సందర్భాల్లో ఎలా పనిచేసిందో పక్కపక్కన పెట్టి చూస్తే వెనకబాటుకి అసలు ఖరీదు ఎక్కడ పడుతుందో అర్థమవుతుంది.

మొదటిది 2007–09 పతనం. సూచీ 2007 అక్టోబర్ 9న 1,565 దగ్గర శిఖరం చేరింది. డెత్ క్రాస్ డిసెంబర్‌లో వచ్చింది, అప్పటికి సూచీ 1,480 ప్రాంతంలో ఉంది. శిఖరం నుంచి ఐదారు శాతం పోయిన తర్వాత అన్నమాట. ఆ తర్వాత పతనం మెల్లగా, విడతలు విడతలుగా, 2009 మార్చి 9న 676 చేరేదాకా సాగింది. మొత్తం పదిహేడు నెలలు. గోల్డెన్ క్రాస్ జూన్‌లో గానీ రాలేదు, సూచీ అప్పటికి 900 దరిదాపుల్లో ఉంది. అడుగు నుంచి మూడో వంతు లాభం చేజారింది, నిజమే. అయినా 1,480 దగ్గర బయటికొచ్చి 900 దగ్గర తిరిగి లోపలికి వెళ్లినవాళ్లకి ఆ ఆలస్యం పెద్ద బాధ కాదు.

రెండోది 2020. ఫిబ్రవరి 19న 3,386 దగ్గర శిఖరం. మార్చి 23న 2,237 దగ్గర అడుగు. మధ్యలో 23 సెషన్లు, 34 శాతం పతనం. డెత్ క్రాస్ వచ్చింది మార్చి 30న, అంటే అడుగు తాకిన వారం తర్వాత. ఆ రోజు సూచీ 2,627 దగ్గర ముగిసింది. పతనం అంతా అయిపోయి, అక్కడి నుంచి 17 శాతం పైకి లేచాక ‘అమ్మేయండి’ అన్న సంకేతం! ఇక గోల్డెన్ క్రాస్ జూలై రెండో వారంలో, సూచీ 3,150 పైన ఉన్నప్పుడు వచ్చింది. సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించినవాళ్లు అమ్మిన ధర కంటే 20 శాతం ఎక్కువ పెట్టి మళ్లీ కొనుక్కున్నారు.

సూత్రం మారలేదు, రోజుల సంఖ్య మారలేదు. మారిందల్లా పతనం పట్టిన సమయం. 50 రోజుల సగటు వెనకబాటు ఇరవై నాలుగున్నర సెషన్లు. 2020 పతనం మొత్తం 23 సెషన్లలోనే ముగిసింది. దాని వెనకబాటు కంటే చిన్న సంఘటనని ఒక సగటు సకాలంలో పట్టుకోవడం లెక్క ప్రకారమే అసాధ్యం. 200 రోజుల గీత సంగతి చెప్పనే అక్కర్లేదు. పదిహేడు నెలల పతనాన్ని మాత్రం అదే జంట హాయిగా పట్టుకుంది.

కాబట్టి ‘డెత్ క్రాస్ పనిచేస్తుందా, చేయదా’ అన్న వాదనకి పెద్దగా అర్థం లేదు. రాబోయే కదలిక సగటు వెనకబాటుకి ఎన్ని రెట్లు పొడవుంటుందన్నదే ప్రశ్న. దానికి జవాబు ముందుగా ఎవరికీ తెలియదు.

ఆలస్యం వద్దనుకుంటే?

అయితే రోజులు తగ్గించేస్తే పోయె కదా అనిపిస్తుంది. 200 బదులు 50, 50 బదులు 10. వెనకబాటు నిజంగానే తగ్గుతుంది. కానీ సగటు వేసుకున్నదే రోజువారీ ఒడిదుడుకుల్ని అణచడానికి. ఒక రోజు ఒకరు పెద్దమొత్తంలో అమ్మారు, మర్నాడు ఏదో వదంతి, ఇంకో రోజు గడువు తీరే కాంట్రాక్టుల గొడవ. ఈ అలజడి ఏ రోజుకారోజు విడివిడిగా వచ్చేదైతే, సగటులో అది రోజుల సంఖ్య వర్గమూలం మేరకు తగ్గుతుంది. 5 రోజుల నుంచి 20 రోజులకి వెళ్తే అలజడి సగమవుతుంది. వెనకబాటు మాత్రం 2 నుంచి తొమ్మిదిన్నరకి పెరుగుతుంది. సగం నిశ్శబ్దం కోసం దాదాపు ఐదు రెట్ల ఆలస్యం, ఇదీ బేరం. అటు నుంచి ఇటు వచ్చినా అదే ధర చెల్లించాలి: ఆలస్యం తగ్గించుకుంటే అలజడి తిరిగొస్తుంది. నిజానికి మార్కెట్ అలజడి అంత విడివిడిగా రాదు. ఒక రోజు షాక్ మర్నాటి ధరలో కూడా మిగిలే ఉంటుంది. అందువల్ల అసలు బేరం ఇంకాస్త నష్టంగానే ఉంటుంది.

మరి ఎక్స్‌పోనెన్షియల్ సగటు, అంటే ఈఎంఏ సంగతేంటి? కొత్త ధరలకి ఎక్కువ బరువు ఇస్తుంది కాబట్టి ఆలస్యం ఉండదని చాలామంది నమ్మకం. 20 రోజుల ఈఎంఏలో ఇవాళ్టి ధరకి దాదాపు తొమ్మిదిన్నర శాతం బరువు ఉంటుంది, మామూలు సగటులో అయితే 5 శాతమే. కానీ ఈఎంఏలో పాత ధరలు పూర్తిగా బయటికి పోవు, బరువు తగ్గుతూ తగ్గుతూ ఎప్పటికీ ఒక మూల ఉంటూనే ఉంటాయి. రెండూ కలిసి, రోజుకి సమానంగా పెరిగే ధర విషయంలో 20 రోజుల ఈఎంఏ వెనకబాటు కూడా తొమ్మిదిన్నర రోజులే అవుతుంది. మామూలు సగటుతో సరిసమానం. రోజుల సంఖ్యని బట్టి ఆ బరువు నిర్ణయించే వాడుక సూత్రమే అలా కుదిరింది.

తేడా కనబడేది హఠాత్తుగా దూకినప్పుడు. చాలాకాలంగా 100 దగ్గర ఉన్న షేరు ఒక రోజు 110కి ఎగిరి అక్కడే ఆగిపోయిందనుకోండి. ఐదో రోజుకి మామూలు సగటు 102.50 దగ్గర ఉంటే ఈఎంఏ 103.94 దగ్గర ఉంటుంది. ముందే పరిగెత్తింది. కానీ ఇరవయ్యో రోజుకి మామూలు సగటు 110 చేరిపోతుంది. ఈఎంఏ ఇంకా 108.65 దగ్గరే. మొదట్లో చురుకు, చివర్లో బద్ధకం. ఇంకో మంచి గుణం మాత్రం ఉంది: పాత ధర జారిపోవడం వల్ల గీత ఉన్నట్టుండి వంగే మోసం ఇందులో ఉండదు. ధర ఈఎంఏ పైన ముగిస్తే అది పెరుగుతుంది, కింద ముగిస్తే తగ్గుతుంది, అంతే.

ఆలస్యాన్ని పూర్తిగా కోసేస్తామనే గీతలూ ఉన్నాయి. 1994లో పాట్రిక్ ముల్లాయ్ ప్రతిపాదించిన డీఈఎంఏ, అంటే డబుల్ ఈఎంఏ, అందులో బాగా పేరున్నది. ఈఎంఏని రెట్టింపు చేసి, దాంట్లోంచి ఈఎంఏకే మళ్లీ వేసిన ఈఎంఏని తీసేస్తారు. ఉపాయం బాగుంది. సగటు ధర కంటే ఎంత వెనక ఉందో, ఆ సగటుకే వేసిన సగటు మొదటి సగటు కంటే దాదాపు అంతే వెనక ఉంటుంది. ఆ తేడాని తిరిగి కలిపేస్తే లెక్క సరిపోతుంది. సమానంగా పెరిగే ధరని ఈ గీత నిజంగానే అంటిపెట్టుకుని నడుస్తుంది.

కానీ ఆ కలపడంలో ‘ఇప్పటిదాకా ఎలా నడిచిందో ఇకపైనా అలాగే నడుస్తుంది’ అన్న ఊహ దాగి ఉంది. అదే 100 నుంచి 110కి ఎగిరిన షేరు మీద 20 రోజుల డీఈఎంఏ వేస్తే పదకొండో రోజుకి 110 దాటేస్తుంది. ఇరవయ్యో రోజుకి 111.22 చూపిస్తుంది. ఆ షేరు 110 పైన ఒక్క రూపాయికి కూడా అమ్ముడుపోలేదు! వెనకబాటు పోయిన మాట నిజమే, దాని బదులు లేని ధర వచ్చి కూర్చుంది. మలుపుల దగ్గర ఇది మరీ ఇబ్బంది, ధర ఆగిన తర్వాత కూడా గీత కొంతదూరం అదే దారిలో పోతుంది. జీరో ల్యాగ్ అని పేరు తగిలించుకున్న గీత ఎక్కడ కనిపించినా, ఒక హఠాత్తు గ్యాప్ తర్వాత అది ధరని దాటి ఎంత దూరం పోయిందో చూస్తే దాని గుట్టు తెలుస్తుంది.

జల్లెడగా వాడుకోవడం

సగటు గీతని కొను, అమ్ము అని చెప్పే గంటలా కాకుండా జల్లెడలా వాడేవాళ్లకి ఈ ఆలస్యం అంతగా అడ్డు కాదు. ధర 200 రోజుల సగటు పైన ఉంటే కొనుగోళ్లే చూస్తారు, కింద ఉంటే దూరంగా ఉంటారు. లోపలికి ఎప్పుడు వెళ్లాలి, స్టాప్‌లాస్ ఎక్కడ పెట్టాలి అన్నవి వేరే ఆధారాలతో నిర్ణయించుకుంటారు. సగటుకి అప్పుడు ఒక్కటే పని: ఏ పక్కన నిలబడాలో చెప్పడం.

ఈ పద్ధతికి అసలు దెబ్బ పక్కపక్కకే ఊగే మార్కెట్‌లో తగులుతుంది. నెలల తరబడి ధర ఒకే పరిధిలో తిరిగితే సగటు కూడా సరిగ్గా ఆ పరిధి మధ్యకి వచ్చి చదునుగా పడుకుంటుంది. అప్పుడు ధర దాన్ని వారానికోసారి అటూ ఇటూ దాటుతూనే ఉంటుంది. దాటిన ప్రతిసారీ కొని అమ్మితే, పైన కొని కింద అమ్మడమే అవుతుంది, బ్రోకరేజీ, ఎస్‌టీటీ అదనం. దీన్నే విప్‌సా అంటారు. ముందుగా కనిపెట్టే గుర్తు చార్టులోనే ఉంటుంది. సగటు గీత వాలు దాదాపు సున్నాకి వచ్చి, గత రెండు మూడు నెలల్లో ధర దాన్ని నాలుగైదు సార్లు దాటి ఉంటే, ఆరోసారి దాటడానికి ఏ విలువా ఇవ్వనక్కర్లేదు.

కొందరు సగటుకి పైనా కిందా ఒకటి నుంచి మూడు శాతం మేర ఖాళీ వదిలి, అది కూడా దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు. తప్పుడు సంకేతాలు తగ్గుతాయి. కానీ ఆ ఖాళీ దాటేదాకా ఆగడం కూడా ఆలస్యమే కదా, ఈసారి రోజుల్లో కాకుండా శాతాల్లో.

చార్టులో వెనకబాటుని కళ్లారా చూడాలనుకునేవాళ్లకి ఒక తేలికైన పద్ధతి ఉంది. ఏదైనా సూచీ రోజువారీ చార్టు మీద 20 రోజుల మామూలు సగటు వేసి, సెట్టింగ్స్‌లో `Offset` దగ్గర `-10` అని పెట్టాలి. గీత పది రోజులు ఎడమకి జరుగుతుంది. ఒక్కసారిగా అది ధర మధ్యలోంచి, శిఖరం దగ్గర శిఖరంలా, లోయ దగ్గర లోయలా అందంగా పోతుంది. పాత చార్టులు చూపించి ‘చూశారా, ఎంత కచ్చితంగా తిరిగిందో’ అనే ప్రచారాల్లో కొన్నింటి వెనక ఉన్నది ఇదే. తర్వాత చార్టుని కుడి చివరికి జరిపితే, ఆఖరి పది క్యాండిల్స్ మీద గీత ఉండదు. ఆ పది రోజులకి సగటు గీయాలంటే రేపటి నుంచి రాబోయే పది రోజుల ధరలు కావాలి.